కేస్ సమ్మరీకి వినకూడని సలహాలు

మెడికల్ కాలేజీ హాస్టళ్ళలో సీనియర్లు వెళ్ళిపోతూ జూనియర్లకు నోట్సులతో పాటు కొన్ని చిట్కాలు కూడా అప్పగించి పోతారు. వార్డులోనో లెక్చర్ హాల్లోనో సార్ ఒక కేసు మీద గంటసేపు పాఠం చెబుతారు. దాన్ని హిస్టరీ, ఫైండింగ్స్, రీజనింగ్, ప్లాన్ అనే నాలుగు భాగాల్లోకి చప్పున సర్దేయడానికే ఆ చిట్కాలు. పరీక్షలో అవి మార్కులు తెచ్చిపెట్టవచ్చు. కానీ అలా రాసే అలవాటు చెయ్యిదాటి వెళ్ళి రేపు రోగి కేస్ షీట్‌లోనూ దిగుతుంది, అక్కడ నష్టం చేస్తుంది. ఆ చిట్కాల్లో కొన్నిటిని తీసుకుని, అవి ఎక్కడ దారి తప్పిస్తాయో ఒకే కేసు మీద చూపిస్తాను.

కేసు కుందుర్పి వైపుది. ఫలానా మనిషిది కాదు, పాఠం కోసం నేను కూర్చింది. కల్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే వచ్చే ఆ మెట్ట ప్రాంతంలో నేల ఎరుపు, కింద గ్రానైటు, నైస్ రాళ్ళు, పైన చాలీచాలని వానలు. శెనక్కాయ వేసి ఆకాశం కేసి చూడటం, బోరు ఎండితే ఇంకోటి వేయించడం అక్కడి బతుకు. ఆ రాళ్ళలోని బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళలో కాల్షియం తగ్గి క్షారగుణం పెరిగినచోట అది కరిగి నీళ్ళలోనే ఉండిపోతుంది. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ పాతది. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాకే రావడానికి ఒక కారణం నీళ్ళ కరువైతే, ఇంకో కారణం ఈ ఫ్లోరైడ్.

ఇక పాఠం ఎలా సాగిందో చెబుతాను. సార్ ముందు తెర మీద పెల్విస్ ఎక్స్‌రే వేశారు. ఎముకలు సుద్దలా తెల్లగా ఉన్నాయి, లిగమెంట్లు ఎముకకు అతుక్కునేచోట సున్నం పేరుకుంది. "ఇది ఫ్లోరోసిస్. చూడగానే చెప్పొచ్చు" అన్నారు. తర్వాత మనిషి గురించి మొదలుపెట్టారు. 52 ఏళ్ళ రైతు, ఎనిమిదేళ్ళుగా నడుం నొప్పితో బిగుసుకుపోయింది, మూడేళ్ళుగా మెడ కూడా. "నడుము వంగేకి కాదు సార్, కాళ్ళు నా మాట ఇనడం లేదు" అన్నాడట. అయిదు నెలలుగా చెప్పులు కాలి నుంచి జారిపోతున్నా తెలియడం లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 4.6 మిల్లీగ్రాములు. కాళ్ళు బిర్రుగా ఉన్నాయి, మోకాలి రిఫ్లెక్స్‌లు జోరుగా ఉన్నాయి, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగింది, కాల్షియం మామూలే. మధ్యలో గోధుమరంగు చారలున్న పళ్ళ ఫొటో చూపించి "ఇవి వాళ్ళబ్బాయి పళ్ళు" అన్నారు. ఎవరో నీళ్ళ గురించి అడిగితే, ఆ బోరు నాలుగేళ్ళ కిందట వేసిందనీ, పాతది ఎండిపోయిందనీ, ఏడాదిగా క్యాన్ నీళ్ళు తాగుతున్నాడనీ చెప్పారు. పెళ్ళయ్యేదాకా, అంటే 26 ఏళ్ళు వచ్చేదాకా, ఊరి బావి నీళ్ళేనట. ఆ అయిదు నెలలుగా చొక్కా గుండీలు పెళ్ళామే పెడుతోందన్న మాట కూడా అక్కడే దొర్లింది. చివర్లో ముంజేతి ఎక్స్‌రే, మెడ ఎమ్మారై. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర సున్నమై కనిపించింది. మెడలో లిగమెంట్లు మందమై వెన్నుపామును నొక్కుతున్నాయి. "మైలోపతి ఉంది" అన్నారు. "ఆపరేషన్‌కి పంపాం, నీళ్ళు మార్చమన్నాం" అని ముగించారు.

"సార్ చెప్పిన వరుసలోనే రాసుకో"

ఇది సోమరితనం నేర్పే సలహా. పాఠానికి ఒక వరుస ఉంటుంది, రోగానికి ఇంకో వరుస ఉంటుంది. సార్‌కు జవాబు ముందే తెలుసు కాబట్టి కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించే ఎక్స్‌రేతో మొదలుపెట్టారు. రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఎక్స్‌రే ముందు రాదు, నొప్పి వస్తుంది.

వింటున్నప్పుడు వరుస మార్చే పని పెట్టుకోవద్దు. ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం మాత్రం వేయండి. రోగిగానీ ఇంటివాళ్ళుగానీ చెప్పిందైతే 'చె'. డాక్టరు కంటితో, చేత్తో, పరీక్షతో చూసిందైతే 'చూ'. ఎవరో ఆలోచించి తేల్చిందైతే 'ఆ'. అడగాల్సింది ఉండి పాఠంలో రాకపోతే ఒక ప్రశ్నార్థకం. తర్వాత నాలుగు భాగాల్లోకి సర్దడం చాలావరకు చేతిపనే: 'చె' హిస్టరీలోకి, 'చూ' ఫైండింగ్స్‌లోకి, 'ఆ' రీజనింగ్‌లోకి. ఈ కేసులో గుండీల మాట ఎక్స్‌రేల మధ్య దొర్లింది, అయినా అది 'చె'. "మైలోపతి ఉంది" అని సార్ అన్నది 'ఆ'. బొటనవేలు పైకి లేవడం మాత్రమే 'చూ'. మైలోపతిని ఫైండింగ్స్‌లో రాస్తే, దాన్ని ఎలా తేల్చారో మీ సమ్మరీ చదివేవాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

"డయాగ్నోసిస్ ముందు రాసెయ్, దానికి సరిపోయేవి కింద నింపు"

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. దీన్ని నమ్మి ఈ పాఠాన్ని రాసిన విద్యార్థి కాగితం మీద ఏం పడుతుందో ఊహించడం కష్టం కాదు. పైన "స్కెలిటల్ ఫ్లోరోసిస్" అని రాస్తాడు. ఫ్లోరోసిస్‌లో పళ్ళకు చారలుంటాయని పుస్తకం చెబుతుంది, పాఠంలో చారల పళ్ళ ఫొటో కూడా చూశాడు. కాబట్టి ఫైండింగ్స్‌లో "డెంటల్ మాట్లింగ్ ఉంది" అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఆ పళ్ళు కొడుకువి. తండ్రి పళ్ళ గురించి పాఠంలో ఒక్క మాట కూడా రాలేదు.

ఇది చిన్న పొరపాటుగా కనిపిస్తుంది కానీ, కేసులోని అసలు సంగతి ఇక్కడే చేజారింది. ఫ్లోరైడ్ పంటి ఎనామెల్‌ను పాడుచేసేది ఆ ఎనామెల్ తయారయ్యే వయసులోనే, అంటే పసితనం నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా. పళ్ళు వచ్చేశాక ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా ఆ చారలు కొత్తగా పుట్టవు. ఎముక సంగతి వేరు, బతికినంతకాలం ఫ్లోరైడ్‌ను పోగు చేసుకుంటూనే ఉంటుంది. ఈ రైతు 26 ఏళ్ళదాకా తాగింది ఊరి బావి నీళ్ళు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువగా ఉండి ఉంటే అతని పళ్ళు శుభ్రంగా ఉండాలి. ఇంట్లో బోరు పడ్డాక పుట్టిన కొడుకు పళ్ళకు చారలు రావాలి. తండ్రి పళ్ళు బాగుండి, కొడుకు పళ్ళు చెడి, తండ్రి ఎముకలు సుద్దలైతే, ఆ మూడూ కలిపి విషం ఆ ఇంట్లోకి ఏ కాలంలో వచ్చిందో చెప్పినట్టే. తండ్రి పళ్ళకు లేని చారలు అంటగడితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. "పళ్ళు బాగున్నాయి కాబట్టి ఫ్లోరోసిస్ కాదు" అని రేపు ఇంకో రోగిని పంపించేసేదీ ఈ విద్యార్థే.

ఈ వ్యాధికి మన నేల మీదే ఇంకో హెచ్చరిక ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసి ఎముక గట్టిపడి, వెన్ను బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. అదే పుస్తకాల్లోకి ఎక్కింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలోనే మోకాళ్ళు లోపలికి వంగి, ఎముక పలచబడిన యువకులను వర్ణించారు. అదే ఫ్లోరైడ్, ఎముక మాత్రం వేరే తీరు. 1937 నాటి బొమ్మను మనసులో పెట్టుకుని ఫైండింగ్స్ నింపేవాళ్ళు 1973 నాటి రోగిని చూసినా పోల్చుకోలేరు.

పైన ఏం రాయాలో 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు చెప్పాడు. సమస్యలవారీగా రికార్డు రాసే పద్ధతికి ఆయన పేరే చెబుతారు. సమస్యను ఆ రోజుకు మనకు తెలిసిన మేరకే రాయాలి, ఊహను సమస్య పేరుగా పెట్టకూడదు. ఈ కేసులో పైన రావలసింది ఇంతే: "ఎనిమిదేళ్ళుగా వెన్ను బిగుసుకుపోవడం, అయిదు నెలలుగా కాళ్ళు బిర్రెక్కి చేతిపని తప్పడం." ఫ్లోరోసిస్ అన్న మాట రీజనింగ్ దాకా ఆగుతుంది.

"లేనివాటిని రాసి చోటు వృథా చెయ్యకు"

కాగితం మీద మూడు రకాల 'లేదు'లు ఉంటాయి. ఒకటి, అడిగితే లేదన్నది. రెండు, చూస్తే కనబడనిది. మూడు, ఎవరూ అడగనిదీ చూడనిదీ. మొదటి రెండూ సాక్ష్యాలు. మూడోది బాకీ. రాయకుండా వదిలేస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. చదివేవాడు బాకీని కూడా సాక్ష్యంగా తీసుకుంటాడు. అందుకే "చెప్పలేదు" అన్న మాటకు సమ్మరీలో హక్కుగా చోటివ్వండి.

మన పాఠంలో చెప్పనివి ఏమిటి? తండ్రి పళ్ళు. మూత్రం ఆగిపోతోందా, తెలియకుండా పోతోందా. క్రియాటినిన్ ఎంత. ఉదయం లేవగానే బిగువు ఎక్కువగా ఉండి పనిలో పడ్డాక తగ్గుతుందా. రాత్రిపూట నొప్పి, బరువు తగ్గడం ఉన్నాయా. ప్రోస్టేట్ చూశారా. ఇవన్నీ ఒకే బరువున్న ప్రశ్నలు కావు. వెన్నుపాము నలుగుతున్న మనిషికి మూత్రం ఆగిపోవడం మొదలైతే ఆపరేషన్ తొందర మారిపోతుంది. క్రియాటినిన్ ముఖ్యమైంది ఎందుకంటే ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే. అవి చెడితే ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్ పెరుగుతుంది. కిడ్నీ జబ్బు తానుగా కూడా ఎముకను చిక్కబరుస్తుంది. ఆ నొప్పికి ఏళ్ళతరబడి మింగే బిళ్ళలు కూడా కిడ్నీలనే కొడతాయి. ఇలా ప్రతి ప్రశ్నార్థకం పక్కన "దీనికి జవాబు వస్తే ఏం మారుతుంది" అని నాలుగు మాటలు రాయండి. ఏమీ మారదనుకుంటే ఆ ప్రశ్నను తీసేయండి.

"అంకెలు చెప్తే మార్కులు, అంకెలన్నీ ఎక్కించు"

అంకె ఎక్కించడం తప్పు కాదు, అంకె ఎవరిదో చెప్పకపోవడం తప్పు. "నీళ్ళలో ఫ్లోరైడ్ 4.6" అని రాస్తే చదివేవాడు ఆ మనిషి ఎనిమిదేళ్ళ నొప్పికి ఆ 4.6నే కారణం చేస్తాడు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరేనంటుంది, వేరే దారి లేనిచోట 1.5 దాకా. కాబట్టి 4.6 చాలా ఎక్కువే. కానీ ఆ అంకె నాలుగేళ్ళ కిందట వేసిన బోరుది. నడుం బిగుసుకోవడం మొదలై ఎనిమిదేళ్ళు. ఆ బోరు పుట్టకముందే నొప్పి ఉంది.

మెట్టపల్లెల్లో నీళ్ళ హిస్టరీ రాసేటప్పుడు ఇది మరిచిపోకూడదు. ఇక్కడ మనిషి ఒక్క నీళ్ళు తాగి బతకడు. బావి ఎండుతుంది, బోరు పడుతుంది, అదీ ఎండుతుంది, కొన్నాళ్ళు ట్యాంకరు, తర్వాత ఇంకా లోతైన బోరు, ఆపైన క్యాన్. పక్కపక్క బోర్లలో కూడా ఫ్లోరైడ్ ఒకేలా ఉండదు. అందుకే ఈ కేసుకు హిస్టరీలో వయసుల వారీగా నీళ్ళ వరుస రావాలి: పుట్టినప్పటి నుంచి 26 దాకా ఊరి బావి, 26 నుంచి 48 దాకా మొదటి బోరు, 48 నుంచి 51 దాకా రెండో బోరు, ఆ తర్వాత క్యాన్. ఇలా రాసిన మరుక్షణం కేసు తీరు తెలిసిపోతుంది. నొప్పి 44లో మొదలైంది. అంటే మొదటి బోరు నీళ్ళు పద్దెనిమిదేళ్ళు తాగాక. అసలు అనుమానం ఆ బోరు మీదే, దానికేమో అంకే లేదు, అది ఎండిపోయింది. 4.6 మనకు చెప్పేదల్లా ఆ చుట్టుపక్కల లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని. మొదటి బోరు లోతుకే ఉండి ఇప్పటికీ పనిచేస్తున్న పక్కింటి బోరు నీళ్ళు పరీక్షిస్తే ఇంకాస్త నమ్మకం కుదురుతుంది.

ఇలాంటిదే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష. అది ఈమధ్య ఒంట్లోకి ఎంత పోయిందో చెబుతుంది, ఎముకలో ఎంత పేరుకుందో చెప్పదు. ఏడాదిగా క్యాన్ నీళ్ళు తాగినవాడికి అది తక్కువగా వచ్చినా ఫ్లోరోసిస్‌ను కొట్టిపారేయడానికి వీల్లేదు. తక్కువ కాకుండా ఎక్కువే వస్తే మాత్రం వెంటనే వంటింటికి వెళ్ళి చూడాలి. తాగేది క్యాన్ నీళ్ళే అయినా సంగటి, పప్పు బోరు నీళ్ళతోనే వండే ఇళ్ళు ఎన్నో. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

"రీజనింగ్ అంటే డిఫరెన్షియల్ జాబితా"

జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. రీజనింగ్ అంటే ఈ మనిషిలో ఏ వివరం ఏ పేరును ముందుకు నెట్టిందో, ఏ పేరును వెనక్కి లాగిందో చెప్పడం. నాలుగు పేర్లు చాలు.

వెన్ను బిగుసుకుపోయిందంటే మొదట గుర్తొచ్చేది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. అది మామూలుగా 45 ఏళ్ళలోపే, ఎక్కువగా యవ్వనంలోనే మొదలవుతుంది, శాక్రోఇలియాక్ కీలును కొరుకుతుంది. ఇతనికి 44లో మొదలైంది, వయసు అంచున ఉంది, కాబట్టి వయసు ఒక్కదానితో తోసేయలేం. కానీ అది ఎముకలన్నిటినీ ఇలా తెల్లబరచదు. వయసు మీరినవారిలో వెన్ను ముందువైపు సున్నం కారినట్టు పేరుకునే డిష్ అనే జబ్బులో కూడా వెన్ను బిగుస్తుంది, అందులోనూ ఎముక సాంద్రత మామూలుగానే ఉంటుంది. మగవాడికి 50 దాటాక ఎముకలు తెల్లబడితే ప్రోస్టేట్ క్యాన్సర్ పాకిందేమో చూడకుండా వదలకూడదు. అది సాధారణంగా మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఇక్కడ అంతటా సమంగా ఉంది. అయినా పీఎస్‌ఏ చేయించడం న్యాయం. కిడ్నీ ఎముక జబ్బు క్రియాటినిన్ వచ్చేదాకా బల్ల మీదే ఉంటుంది.

వీటన్నిటి మధ్య పలుకుబడి ఎక్కువున్న సాక్షి ముంజేతి ఎక్స్‌రే. రెండు ఎముకల మధ్య పొర సున్నంగా మారడం, దానికి తోడు ఎముకలు అంతటా చిక్కబడటం, ఆపైన ఫ్లోరైడ్ నేల, ఈ మూడూ కలిస్తే స్కెలిటల్ ఫ్లోరోసిస్ అని గట్టిగా చెప్పవచ్చు. నీళ్ళ అంకె ఒక్కటే ఉంటే చెప్పకూడదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊళ్ళో కూడా నడుంనొప్పులు మామూలు కారణాలతో వస్తాయి, వెన్నులో టీబీ వస్తుంది. ఊరి పేరు విని ఫ్లోరోసిస్ అని తేల్చేస్తే టీబీ రోగికి నెలలు పోతాయి.

ఇంకో ముడి కూడా రీజనింగ్‌లోనే విప్పాలి. కాళ్ళు బిర్రెక్కాయి కాబట్టి వెన్నుపాము నలుగుతోంది, సరే, ఎక్కడ? కాళ్ళే అయితే మెడలోగానీ వీపు భాగంలోగానీ ఎక్కడైనా కావచ్చు. గుండీలు పెట్టుకోలేకపోవడం నొక్కుడును మెడకు తీసుకొస్తుంది. ఎమ్మారై దాన్నే చూపించింది. ఎమ్మారై రాకముందే మెడ అని చెప్పగలిగింది పాఠంలో తేలిగ్గా దొర్లిపోయిన ఆ గుండీల మాట.

"ప్లాన్ కింద మందులు రాస్తే చాలు"

ఈ కేసులో రోగాన్ని తీసేసే మందు లేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్ళు మార్చాక ఏళ్ళమీద మెల్లగా తగ్గాలి తప్ప బిళ్ళతో కరగదు. కాబట్టి ప్లాన్‌లో ప్రతి వాక్యానికీ ఎవరు, ఎప్పటిలోగా, ఏం జరిగితే దారి మారుతుంది అన్నవి ఉండాలి. "నీళ్ళు మార్చమని చెప్పాం" అనేది ప్లాన్ కాదు. ఏ నీళ్ళకు, తాగడానికా వండటానికా, ఆ క్యాన్ నీళ్ళను పరీక్షించారా అన్నది ప్లాన్. ఆర్వో ప్లాంటు సరిగా నడవకపోతే అందులోనూ ఫ్లోరైడ్ మిగలవచ్చు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతి ఉంది. అయితే పటిక మోతాదు ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్‌నూ క్షారగుణాన్నీ బట్టి మారుతుంది, చేతి అంచనాతో వేసేది కాదు.

ఈ నాలుగు భాగాలనూ సర్దాక సమ్మరీ ఇలా ఉంటుంది.

హిస్టరీ: 52 ఏళ్ళ రైతు, కుందుర్పి మండలం. 44వ ఏట నుంచి నడుం నొప్పి, బిగువు, మూడేళ్ళుగా మెడ కూడా. అయిదు నెలలుగా కాళ్ళు బిర్రెక్కడం, చెప్పులు జారినా తెలియకపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం. నీళ్ళు: 26 దాకా ఊరి బావి, 48 దాకా మొదటి బోరు, 51 దాకా రెండో బోరు, ఇప్పుడు తాగడానికి క్యాన్. వంట నీళ్ళు: చెప్పలేదు. మూత్రం: చెప్పలేదు. రాత్రి నొప్పి, బరువు, ఉదయపు బిగువు: చెప్పలేదు. కొడుకు పళ్ళకు గోధుమ చారలు.

ఫైండింగ్స్: రెండు కాళ్ళలో బిగువు ఎక్కువ, మోకాలి రిఫ్లెక్స్‌లు జోరు, బొటనవేలు పైకి. చేతుల పట్టు, రిఫ్లెక్స్‌లు: చెప్పలేదు. రోగి పళ్ళు: చెప్పలేదు. వంగి కాలివేళ్ళు తాకడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం: చెప్పలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ, కాల్షియం మామూలు. క్రియాటినిన్, పీఎస్‌ఏ: చెప్పలేదు. పెల్విస్ ఎముకలు అంతటా తెల్లగా, లిగమెంట్లలో సున్నం. ముంజేతి ఎముకల మధ్య పొరలో సున్నం. మెడ ఎమ్మారైలో లిగమెంట్లు మందమై వెన్నుపాముపై ఒత్తిడి. రెండో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 4.6 మిల్లీగ్రాములు, మొదటి బోరుది తెలియదు.

రీజనింగ్: మెడ దగ్గర వెన్నుపాము నలగడం, కారణం స్కెలిటల్ ఫ్లోరోసిస్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆధారం ముంజేతి పొర, అంతటా చిక్కబడిన ఎముక. ఫ్లోరైడ్ ఎక్కువకాలం అందింది మొదటి బోరు నుంచి కావచ్చు. ఇంకా తోసేయాల్సినవి కిడ్నీ ఎముక జబ్బు, ప్రోస్టేట్ క్యాన్సర్. శాక్రోఇలియాక్ కీళ్ళను ఎక్స్‌రేలో మళ్ళీ చూడాలి.

ప్లాన్: మూత్రం సంగతి ఈరోజే అడిగి, అవసరమైతే మిగిలిపోయే మూత్రాన్ని స్కాన్‌లో కొలవాలి, ఆగుతుంటే న్యూరోసర్జన్‌కు ఈరోజే, లేకపోతే ఈ వారంలో. మెడ విరిపించుకోవద్దని, మర్దన చేయించుకోవద్దని రోగికీ ఇంటివాళ్ళకూ చెప్పాలి. క్రియాటినిన్, పీఎస్‌ఏ, విటమిన్ డి రేపటికి. క్రియాటినిన్ ఎక్కువై, నొప్పి బిళ్ళలు వాడుతుంటే వాటిని మార్చాలి. ఇంటికంతా తాగే, వండే నీళ్ళు రెండూ మార్చాలి, క్యాన్ నీళ్ళను పరీక్షకు పంపాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళు తాగే నీళ్ళు మొదట. ఆపరేషన్ తర్వాత కాళ్ళ బలం ఎంత తిరిగొస్తుందో ముందే చెప్పలేమని కుటుంబానికి చెప్పాలి.

ఫైండింగ్స్‌లో వంగడం, గడ్డం, చేతుల పరీక్షలు ఖాళీగా మిగలడం చూశారు కదా. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం ఊళ్ళలో చేయించే పరీక్షలు అవే. ఎక్స్‌రే లేని పల్లెలో ఆశా కార్యకర్త కూడా చేయించగలిగినవి. గంట పాఠంలో అవి రాలేదని తెలిసింది "చెప్పలేదు" అని రాసినందువల్లే.

విద్యార్థులకు ఒక మనవి. కేస్ పాఠం ముగియగానే పుస్తకం మూసేయకండి. ప్రశ్నార్థకాలు వేసిన వరుసలు చూసి, సార్ గది దాటకముందే వాటిలో ఒక్కటైనా అడగండి. ఈ కేసులో అడగడానికి ఒక్కటే అవకాశం ఉంటే, మూత్రం ఆగుతోందా అని అడగండి. న్యూరోసర్జన్‌కు పంపడం ఈరోజా ఈ వారంలోనా అన్నది ఆ జవాబు మీద ఉంది.